వైరస్, కణం, జీవం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

బయాలజీ చెప్పేవాళ్లకి వైరస్ పాఠం వచ్చిందంటే కాస్త టెన్షనే. "వైరస్‌కి ప్రాణం ఉందా లేదా, ఒక్క మాటలో చెప్పండి" అని మొదలవుతుంది, ఒక్క మాటతో ఎప్పుడూ ఆగదు. ఏటా అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వస్తుంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఎక్కడికక్కడ ఉదాహరణలు మార్చకుండా ఎక్కువగా పోలియో వైరస్‌నే పట్టుకున్నాను. కణం లోపల అది చేసే పనులు అంగుళం అంగుళం తెలిసినవి. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదట్లోనే వచ్చే సందేహాలు

"వైరస్ కణం" అని వార్తల్లో రాస్తారు కదా, మరి వైరస్‌కి కణమే లేదంటారేంటి?

ఇది తెలుగు తెచ్చిపెట్టిన చిక్కు. మనం ఇసుక కణం అంటాం, దుమ్ము కణం అంటాం, శరీరంలో ఉండే జీవకణాన్ని కూడా కణమే అంటాం. "వైరస్ కణం" అన్నప్పుడు ఆ మాటకి అర్థం ఇసుక కణంలోని కణం, అంటే ఒక రేణువు అని. జీవకణం అని కాదు. జీవకణానికి చుట్టూ పొర ఉంటుంది, లోపల నీళ్లలాంటి ద్రవ్యం ఉంటుంది, అందులో వేలాది రసాయన చర్యలు ఆగకుండా నడుస్తుంటాయి. పోలియో వైరస్ రేణువులో ఒక ఆర్ఎన్ఏ పోగు, దాని చుట్టూ ప్రోటీన్ డబ్బా మాత్రమే ఉంటాయి. లోపల ఏ చర్యా జరగదు. ఈ పేజీలో కణం అంటే జీవకణమే. వైరస్‌ని రేణువు అనే రాశాను.

వైరస్ అంటే మరీ చిన్న బ్యాక్టీరియా అనుకోవచ్చా?

సైజు చూసి అలా అనిపిస్తుంది కానీ, కాదు. మన కణం సుమారు 20 మైక్రోమీటర్లు ఉంటే పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా 2 మైక్రోమీటర్లు. పోలియో వైరస్ 30 నానోమీటర్లు, అంటే ఆ బ్యాక్టీరియా పొడవులో దాదాపు డెబ్భయ్యో వంతు.

నిజంగా గమనించాల్సిన పోలిక ఇంకొకటుంది. ప్రోటీన్లు తయారు చేసే రైబోజోమ్ అడ్డంగా 25 నుంచి 30 నానోమీటర్లు ఉంటుంది. అంటే పోలియో వైరస్ మొత్తం కలిపి ఒక్క రైబోజోమ్ అంత. మన కణంలో రైబోజోమ్‌లు లక్షల్లో ఉంటాయి. వైరస్ డబ్బాలో ఒక్కదానికి కూడా చోటు లేదు. దర్జీ కుట్టుమిషన్‌ని చొక్కా జేబులో పెట్టుకుని తిరగలేడు కదా, అలాంటిదే ఇది. కొలతల పట్టీ ఒక్కటే జేబులో ఉంటుంది, మిషన్ మాత్రం వెళ్లినచోట దొరకాలి.

కొన్ని బ్యాక్టీరియాలు కూడా వేరే కణం లోపలే పెరుగుతాయి. వాటిని జీవులంటారు, వైరస్‌ని ఎందుకు అనరు?

మంచి ప్రశ్న. "వైరస్ బయట బతకలేదు కాబట్టి జీవి కాదు" అనే వాదన ఇక్కడే విరిగిపోతుంది. క్లమిడియా, రికెట్సియా అనే బ్యాక్టీరియాలు కూడా ఇంకో కణం లోపల తప్ప పెరగలేవు. పక్కవాడి మీద ఆధారపడటమే కొలత అయితే వాటినీ జీవుల జాబితా నుంచి తీసేయాలి.

తేడా వేరేచోట ఉంది. క్లమిడియా ఆతిథ్య కణం నుంచి తిండి తీసుకుంటుంది, కానీ వంట సొంతంగా చేసుకుంటుంది. దానికి సొంత పొర, సొంత రైబోజోమ్‌లు ఉన్నాయి. తన ప్రోటీన్లను తనే తయారు చేసుకుని, పెరిగి, రెండుగా చీలుతుంది. మొదలు నుంచి చివరి దాకా ఏ క్షణంలో చూసినా అక్కడ క్లమిడియా కణం ఉంటుంది. వైరస్‌కి రైబోజోమ్ లేదు, అది పెరగదు, చీలదు. పైగా తన సంతతి తయారయ్యే సమయంలో అది ఒక వస్తువుగా అసలు మిగలదు.

## కణంలోకి వెళ్లేటప్పుడు

కణం వైరస్‌ని లోపలికి ఎందుకు రానిస్తుంది?

కణం "రానివ్వదు", వైరస్ "చొరబడదు" కూడా. రేణువుకి కాళ్లు లేవు, ఇంజిన్ లేదు. నీళ్లలో అణువుల తాకిడికి అటూ ఇటూ కదులుతూ కణం పైనున్న ఏదో ఒక ప్రోటీన్‌కి తగులుతుంది. ఆకారం సరిపోతే అతుక్కుంటుంది, లేకపోతే తేలిపోతుంది. పోలియో వైరస్‌కి సరిపోయే ప్రోటీన్ పేరు సీడీ155. అది మన కణాల మీద వేరే పనికోసం ఉంది. వైరస్ దాన్ని పట్టుకోగానే డబ్బా ఆకారం మారి, కణం పొరలో దారి ఏర్పడి, ఆర్ఎన్ఏ లోపలికి జారుతుంది.

ఎలుక కణాల మీద ఉండే ప్రోటీన్ ఆకారం ఇందుకు సరిపోదు. అందుకే మామూలు ఎలుకలకు సహజంగా పోలియో అంటదు. అయితే 1959లో ఒక చక్కటి ప్రయోగం జరిగింది. వైరస్ సోకని జంతు కణాల్లోకి పోలియో రేణువులు కాకుండా, వాటి నుంచి తీసిన ఒట్టి ఆర్ఎన్ఏని పంపారు. ఆ కణాలు పోలియో వైరస్‌ని తయారు చేశాయి! కానీ ఒక్క విడతే. అలా పుట్టిన రేణువులు పక్క కణాల్లోకి వెళ్లలేకపోయాయి, ఎందుకంటే పట్టుకోవడానికి ఆ ప్రోటీన్ లేదు. అంటే ఆ కణాల్లో వైరస్ తయారీకి కావలసిన యంత్రాలన్నీ ముందే ఉన్నాయి, లేనిదల్లా తలుపు.

లోపలికి వెళ్లాక వైరస్ ఎక్కడ దాక్కుంటుంది?

ఎక్కడా దాక్కోదు. మాయమవుతుంది. ఇది అలంకారంగా చెప్పే మాట కాదు, ల్యాబ్‌లో లెక్కపెట్టి చూడొచ్చు.

ఒక పాత్రలో పెరుగుతున్న మానవ కణాలన్నింటికీ ఒకేసారి పోలియో వైరస్ తగిలేలా చేస్తారు. అతుక్కోని వైరస్‌ని కడిగేస్తారు. తర్వాత ప్రతి గంటకి కొన్ని కణాలు తీసి, పగలగొట్టి, ఆ రసాన్ని తాజా కణాల పొర మీద పోస్తారు. సోకే శక్తి ఉన్న ఒక్కో రేణువు ఆ పొరలో ఒక్కో గుండ్రటి ఖాళీ మచ్చ చేస్తుంది. దాన్ని ప్లాక్ అంటారు. మచ్చలు లెక్కపెడితే రసంలో ఎన్ని రేణువులున్నాయో తెలుస్తుంది.

మొదటి రెండు గంటలు మచ్చలు దాదాపు రావు. వైరస్ లోపలికి వెళ్లిందని తెలుసు, కానీ కణాన్ని పగలగొడితే అది దొరకదు. డబ్బా విడిపోయింది, ఆర్ఎన్ఏ పోగు ఒక్కటే మిగిలింది. మూడు, నాలుగు గంటల మధ్య మచ్చలు మొదలై, అక్కడి నుంచి గ్రాఫ్ నిటారుగా ఎక్కుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలకల్లా కణం పగిలిపోతుంది. మధ్యలో వచ్చే ఈ ఖాళీకి గ్రహణ దశ అని పేరు.

బ్యాక్టీరియాతో ఇలాంటి గ్రాఫ్ గీయండి, ఇటువంటి గుంట ఎక్కడా కనిపించదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఏ నిమిషంలోనూ లెక్క సున్నాకి పడదు. కణానికీ వైరస్‌కీ తేడా ఒక్క బొమ్మలో చూపించమంటే నేను ఈ రెండు గ్రాఫ్‌లే పక్కపక్కన గీస్తాను.

## కణం లోపల

అది పరాయి ఆర్ఎన్ఏ అని రైబోజోమ్‌కి తెలియదా?

తెలియదు. రైబోజోమ్ ఎవరి ఆర్ఎన్ఏ అని చూడదు, చదవడం మొదలుపెట్టే చోటు దొరికిందా అని మాత్రమే చూస్తుంది. ఈ ప్రశ్నకి పోలియో వైరస్ దగ్గర దొరికే జవాబు కాస్త నిదానంగా చూడదగ్గది.

మన కణంలో ప్రతి సందేశ ఆర్ఎన్ఏ మొదట్లో క్యాప్ అనే రసాయన టోపీ ఉంటుంది. కణంలోని ఒక చిన్న ప్రోటీన్ ఆ టోపీని పట్టుకుంటుంది. ఇంకో పెద్ద ప్రోటీన్, పేరు ఇఐఎఫ్4జి, ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో రైబోజోమ్ వైపు భాగాలని పట్టుకుని రెండింటినీ కలుపుతుంది. అప్పుడే చదవడం మొదలు.

పోలియో ఆర్ఎన్ఏకి ఈ టోపీ లేదు. దానికి బదులు మొదట్లోనే కొన్ని వందల అక్షరాల భాగం మడతలు మడతలుగా ముడుచుకుని ఉంటుంది. దీన్ని ఐరెస్ అంటారు, 1988లో బయటపడింది. ఇఐఎఫ్4జి రైబోజోమ్ వైపు చేయి ఈ మడతలకే నేరుగా అతుక్కుంటుంది కాబట్టి టోపీ అవసరం లేకుండానే రైబోజోమ్ వచ్చి కూర్చుంటుంది.

ఇక అసలు దెబ్బ. వైరస్ ఆర్ఎన్ఏ నుంచి మొదట్లోనే తయారయ్యే ప్రోటీన్లలో 2ఏ అనే కత్తెర ఉంది. అది ఇఐఎఫ్4జిని రెండు ముక్కలు చేస్తుంది, టోపీ వైపు చేయి తెగిపోతుంది. దాంతో కణం సొంత సందేశాల్లో చాలావరకు రైబోజోమ్‌ దాకా చేరవు. రైబోజోమ్ వైపు చేయి మాత్రం మిగిలే ఉంది, వైరస్‌కి అది చాలు. రెండు మూడు గంటల్లో కణం సొంత ప్రోటీన్ల తయారీ చాలావరకు పడిపోతుంది. లక్షల రైబోజోమ్‌లు అలాగే ఉంటాయి, విరిగింది ఏదీ లేదు, వాటికి అందే ఆర్డర్ మారిందంతే.

ఒక్క ఆర్ఎన్ఏ పోగు నుంచి అన్ని రకాల ప్రోటీన్లు ఎలా వస్తాయి?

మన సందేశ ఆర్ఎన్ఏల్లో మామూలుగా ఒక్కోదానికి ఒక్కో ప్రోటీన్. రైబోజోమ్ ఒకచోట మొదలుపెట్టి ఒకచోట ఆపుతుంది. పోలియో వైరస్‌కి కావలసినవి పదికి పైగా, ఉన్న పోగు ఒక్కటే. అందుకని రైబోజోమ్ ఆ పోగుని ఆపకుండా చదివి, దాదాపు 2,200 అమైనో ఆమ్లాల ఒకే పొడవాటి గొలుసుని తయారు చేస్తుంది. ఆ గొలుసులోనే కత్తెరలు ఉన్నాయి. గొలుసు ఇంకా పూర్తిగా బయటికి రాకముందే 2ఏ కత్తెర తనని ముందు భాగం నుంచి కోసుకుంటుంది. మిగతా కోతల్లో ఎక్కువ భాగం 3సీ అనే ఇంకో కత్తెర పని. మొదటి ముక్కలోంచి డబ్బా ప్రోటీన్లు, మిగతా వాటిలోంచి కత్తెరలు, నకలు తీసే ఎంజైమ్ వగైరా వస్తాయి.

నకళ్లు కూడా కణమే తీస్తుందా?

ఈ ఒక్క పనికి కణం దగ్గర యంత్రం లేదు. మన కణాలు డీఎన్ఏ చూసి డీఎన్ఏ రాస్తాయి, డీఎన్ఏ చూసి ఆర్ఎన్ఏ రాస్తాయి. పొడవాటి ఆర్ఎన్ఏ చూసి మళ్లీ ఆర్ఎన్ఏ రాసే అవసరం వాటికి లేదు. కాబట్టి ఆ ఎంజైమ్ వివరం వైరస్ తన ఆర్ఎన్ఏలో రాసి తెచ్చుకుంటుంది. 3డీ పాలిమరేజ్ అని దాని పేరు. రాసి తెచ్చుకుంటుంది అన్నాను, మోసుకొస్తుంది అనలేదు. పోలియో రేణువులో ఆ ఎంజైమ్ ఉండదు, ముందు కణం రైబోజోమ్‌లు దాన్ని తయారు చేసి పెట్టాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. రైబోజోమ్ ఆర్ఎన్ఏని ఒక కొస నుంచి చదువుతుంది, పాలిమరేజ్ అదే పోగు మీద ఎదురు కొస నుంచి వస్తుంది. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు రైళ్లన్నమాట. అందుకని ఒక పోగు మీద చదువు ఆగాకే నకలు మొదలవుతుంది. వైరస్ ప్రోటీన్లు కొంత పోగయ్యాక ఆర్ఎన్ఏ మొదటి కొసకి అతుక్కుని ఈ మార్పు తెస్తాయి. ముందు ఎదురు నకలు ఒకటి వస్తుంది, దాన్ని చూసి అసలు నకళ్లు బోలెడన్ని వస్తాయి.

దీనికంతటికీ శక్తి ఎక్కడిది?

మొత్తం కణానిదే. ఒక్కో అమైనో ఆమ్లాన్ని గొలుసుకి కలపడానికీ, ఆర్ఎన్ఏకి ఒక్కో అక్షరం చేర్చడానికీ అయ్యే ఖర్చు కణం తయారు చేసి పెట్టుకున్న ఏటీపీ, జీటీపీల నుంచే పోతుంది. అమైనో ఆమ్లాలూ, న్యూక్లియోటైడ్లూ కణానివే. నకలు తీసే పనికి వేదికగా వాడే పొరలు కూడా కణం లోపలి పొరల నుంచి మలచినవే. వైరస్ తరఫున వచ్చింది సుమారు 7,500 అక్షరాల రాత మాత్రం.

ఆసక్తికరమైన సంగతి, కేంద్రకం తీసేసిన కణాల్లో కూడా పోలియో వైరస్ పెరుగుతుందని 1960లలో చూశారు. దానికి కావలసింది కణద్రవ్యంలోని యంత్రాలే, కణం సొంత జన్యువుల తాఖీదు అక్కర్లేదు.

అన్ని వైరస్‌లూ ఇలాగే చేస్తాయా?

వివరాల్లో కాదు. ఇన్‌ఫ్లుయెంజా ఆర్ఎన్ఏని రైబోజోమ్ నేరుగా చదవలేదు, అందుకే ఆ వైరస్ తన పాలిమరేజ్‌ని రేణువులోనే మోసుకొస్తుంది. హెర్పిస్ లాంటి డీఎన్ఏ వైరస్‌లు కేంద్రకంలోకి వెళ్లి కణం ఎంజైమ్‌తోనే సందేశ ఆర్ఎన్ఏ రాయించుకుంటాయి. హెచ్ఐవీ తన ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చి మన క్రోమోజోమ్‌లో అతికిస్తుంది. దారులు రకరకాలు. కానీ చివరికి ప్రోటీన్ కావాలంటే మాత్రం అన్నీ కణం రైబోజోమ్ దగ్గరికి రావలసిందే. దీనికి మినహాయింపు ఇంతవరకూ దొరకలేదు.

## బయటపడే దశ

"వైరస్ విభజన చెందుతుంది" అని రాస్తే తప్పా?

తప్పే. విభజన అంటే ఉన్నది పెరిగి రెండు కావడం. వైరస్ రేణువు పెరగదు. విడిభాగాలు విడిగా తయారై, తర్వాత కూడుకుంటాయి. పోలియో డబ్బాకి నాలుగు రకాల ప్రోటీన్లు, ఒక్కో రకం 60 చొప్పున కావాలి. అవి ఐదేసి కట్టలుగా చేరి, పన్నెండు కట్టలు ఆర్ఎన్ఏ చుట్టూ బంతిలా మూసుకుంటాయి. ఇది తల్లి నుంచి బిడ్డ పుట్టినట్టు కాదు, షెడ్డులో బండ్లు బిగించినట్టు. "వృద్ధి చెందుతుంది" అనో "నకళ్లు తయారవుతాయి" అనో రాయండి.

ఒక్కో కణం నుంచి వేల రేణువులు వస్తాయి. అయితే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టిన రేణువులకీ, ప్లాక్ మచ్చలుగా తేలిన వాటికీ పొంతన ఉండదు. పోలియోలో ఒక్క మచ్చ రావడానికి పదుల నుంచి వందల రేణువులు పడతాయి. కొన్ని తయారీలోనే లోపంతో వస్తాయి, కొన్ని సరిగ్గా ఉండి కూడా దారిలో ఎక్కడో ఆగిపోతాయి.

వైరస్ సోకిన ప్రతి కణం చచ్చిపోవాల్సిందేనా?

అక్కర్లేదు. పోలియో వైరస్ కణాన్ని పగలగొట్టుకునే ఎక్కువగా బయటికి వస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా రేణువులు కణం పొరని చుట్టుకుని మొగ్గల్లా ఒక్కొక్కటే ఊడి వస్తాయి. హెర్పిస్ అయితే నాడీ కణంలో ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా డీఎన్ఏగా పడి ఉంటుంది.

## ఇంతకీ ప్రాణం ఉన్నట్టా, లేనట్టా

వైరస్‌ని జీవుల లెక్కలో వేయకపోవడానికి అసలు కారణం ఏంటి?

పాఠ్యపుస్తకాల్లో నాలుగైదు కారణాలు వరసగా ఇస్తారు. నాకు బరువైనవి రెండే అనిపిస్తాయి. ఒకటి, వైరస్ రేణువులో జీవక్రియ లేదు. తిండి తీసుకోవడం, శక్తి తయారు చేయడం, పాడైనదాన్ని బాగు చేసుకోవడం ఏదీ ఉండదు. నిద్రపోతున్న విత్తనం లాంటిదేమో అని కొందరంటారు. విత్తనంలో యంత్రాలన్నీ ఉన్నాయి, ఆగి ఉన్నాయి. వైరస్‌లో ఆగడానికి కూడా యంత్రం లేదు. రెండు, ప్రతి కణం ఇంకో కణం నుంచే వస్తుంది, మధ్యలో తెగని గొలుసులా. వైరస్ ప్రతి తరంలోనూ విడిపోయి, విడిభాగాల నుంచి మళ్లీ కొత్తగా కూడుతుంది.

వైరస్‌ని ఉప్పులా స్ఫటికం చేయొచ్చంటారు, నిజమేనా?

నిజమే. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ని స్ఫటికాలుగా తీశాడు. వాటిని మళ్లీ నీళ్లలో కరిగించి ఆకులకి రాస్తే తెగులు సోకింది. పోలియో వైరస్ స్ఫటికాలు 1955లో వచ్చాయి. స్ఫటికం కట్టాలంటే ముక్కలన్నీ ఒకే అచ్చులో ఉండాలి. కణాలు ఏ రెండూ అంత ఒకేలా ఉండవు, వైరస్ రేణువులు ఉంటాయి.

ఎంత ఒకేలా అంటే, పోలియో వైరస్‌కి రసాయన ఫార్ములా కూడా రాశారు:

C332,652 H492,388 N98,245 O131,196 P7,501 S2,340

ఇందులో ఫాస్ఫరస్ అంకె చూడండి. ఆర్ఎన్ఏలో ఒక్కో అక్షరానికి ఒక్కో ఫాస్ఫరస్ పరమాణువు. కాబట్టి 7,501 అంటే దాదాపుగా ఆ ఆర్ఎన్ఏ పొడవే. ఈ.కోలైకి ఇలాంటి ఫార్ములా ఎవరూ రాయలేరు, రాసి ముగించేలోపే అది మారిపోతుంది.

ల్యాబ్‌లో వైరస్‌ని తయారు చేశారంటే జీవాన్ని సృష్టించినట్టేనా?

ఏం చేశారో చూస్తే జవాబు మీకే తడుతుంది. 1991లో ఎకార్డ్ విమర్ బృందం మానవ కణాలని పగలగొట్టి, కేంద్రకాలు తీసేసి, మిగిలిన రసంలో పోలియో ఆర్ఎన్ఏ వేసింది. ప్రాణమున్న కణం ఒక్కటీ లేని ఆ గొట్టంలో సోకే శక్తి ఉన్న పోలియో వైరస్ తయారైంది. 2002లో అదే బృందం ఇంకో అడుగు ముందుకేసింది. వైరస్ అక్షరాల వరసని చూసి చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు రసాయనికంగా తయారు చేయించి, అతికించి, దాని నుంచి ఆర్ఎన్ఏ తీసి, కణ రసంలో వేసింది. వైరస్ వచ్చింది.

జీవాన్ని సృష్టించారు అని అప్పట్లో గోల అయింది. కానీ రెండుసార్లూ కణ రసం తప్పలేదు. రైబోజోమ్‌లు, ఏటీపీ, ఎంజైమ్‌లు కణాలు తయారు చేసినవే. మనిషి రాసింది రాత ఒక్కటే, దాన్ని వస్తువుగా మార్చింది కణం సరంజామా.

కంచరగాడిద పిల్లల్ని కనలేదు. మరి దానికీ ప్రాణం లేనట్టేనా?

ఈ ప్రశ్న వేసినవాళ్లని నేను మెచ్చుకుంటాను, "సొంతంగా సంతానం కనలేదు కాబట్టి జీవి కాదు" అనే వాదన ఎంత బలహీనమో ఇది చూపిస్తుంది. కంచరగాడిద గడ్డి తింటుంది, దాని కణాలు చీలుతుంటాయి, గాయమైతే మానుతుంది. వైరస్ విషయంలో అడ్డం వస్తున్నది సంతానం కాదు, అలాంటి సొంత పని ఏదీ లేకపోవడం.

వైరస్‌లు మారుతూ, పరిణామం చెందుతూ ఉంటాయి కదా. ప్రాణం లేనిది ఎలా మారుతుంది?

నకళ్లు తీసేటప్పుడు తప్పులు పడి, కొన్ని తప్పులు ఎక్కువ నకళ్లకి దారితీస్తే పరిణామం జరుగుతుంది. అందుకు నకలయ్యేది ప్రాణి కానక్కర్లేదు. పోలియో పాలిమరేజ్ రాసింది సరిచూసుకోదు, ఒక్కో కొత్త ఆర్ఎన్ఏలో సగటున ఒక తప్పు అటూ ఇటూగా పడుతుంది.

చుక్కల మందులోని మూడో రకం బలహీన వైరస్‌నే తీసుకోండి. అది బలహీనంగా ఉండటానికి ముఖ్య కారణాల్లో ఒకటి 472వ అక్షరం సీ బదులు యూ కావడం. ఆ అక్షరం ఉన్నది రైబోజోమ్ కూర్చునే మడతల్లో. మార్పు వల్ల నాడీ కణాల్లో రైబోజోమ్ సరిగా కూర్చోదు. కానీ టీకా వేసుకున్నవాళ్ల పేగుల్లో ఆ యూ కొద్ది రోజుల్లోనే తిరిగి సీ అవుతుంటుంది. అక్కడ మెరుగ్గా చదవబడే పోగే ఎక్కువ నకళ్లు ఇస్తుంది. వైరస్ "తెలివి మీరింది" అని పత్రికల్లో రాస్తారు, ఇందులో తెలివి లేదు, తప్పులూ వాటి ఏరివేతా ఉన్నాయి. నిజం చెప్పాలంటే వైరస్‌లని జీవులనేవాళ్ల చేతిలో అన్నిటికన్నా బలమైన వాదన ఈ పరిణామమే.

బ్యాక్టీరియా అంత పెద్ద వైరస్‌లు దొరికాయంటున్నారు. ఇప్పటికైనా లెక్క మారదా?

2003లో ప్రకటించిన మిమీవైరస్ అమీబాల్లో పెరుగుతుంది. మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించేంత పెద్దది, మొదట్లో బ్యాక్టీరియా అనే అనుకున్నారు. దాని డీఎన్ఏ సుమారు 12 లక్షల అక్షరాలు. మైకోప్లాస్మా జెనిటాలియం అనే బ్యాక్టీరియా 5.8 లక్షలతోనే సరిపెట్టుకుంటుంది. ప్రోటీన్ తయారీకి సాయపడే ఎంజైమ్‌ల జన్యువులు కూడా మిమీవైరస్‌లో కొన్ని దొరికాయి. దాంతో గీత చెరిగిపోయిందనే అనిపించింది. కానీ రైబోజోమ్ మాత్రం లేదు, అమీబాదే వాడుకుంటుంది. ఆ చిన్న మైకోప్లాస్మాకి అది ఉంది.

దీని తర్వాతే 2008లో డిడియే రావుల్, పాట్రిక్ ఫోర్టెర్ కొత్త పంపకం సూచించారు: రైబోజోమ్ రాత ఉన్నవి ఒక వర్గం, డబ్బా రాత ఉన్నవి ఇంకో వర్గం. ఫోర్టెర్ అయితే రేణువుని వైరస్ అనడమే పొరపాటు, వైరస్ ఆధీనంలోకి వెళ్లిన కణమే అసలు వైరస్, అది ప్రాణమున్నదే అంటాడు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ కణంలో ప్రాణం కణానిదే కదా అనిపిస్తుంది. కానీ కొట్టిపారేసే వాదన మాత్రం కాదు.

ప్రాణం లేనిదాన్ని "చంపడం" ఏంటి? యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు?

వాడుకలో చంపడం అంటున్నాం, నిజానికి పాడుచేయడం. ఇన్‌ఫ్లుయెంజా లాంటి వైరస్‌లకి బయట కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విడగొడుతుంది. పోలియో వైరస్‌కి ఆ పొర లేదు, అందుకే సబ్బుకీ, ఆల్కహాల్‌కీ సులువుగా లొంగదు. క్లోరిన్, ఫార్మాలిన్ లాంటివి కావాలి. 1955లో వచ్చిన సాల్క్ టీకాలో ఉన్నది ఫార్మాలిన్‌తో ఇలా పనికిరాకుండా చేసిన రేణువులే.

యాంటీబయాటిక్ సంగతి. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టే ఎంజైమ్‌ని ఆపుతుంది, వైరస్‌కి గోడ లేదు. స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియా రైబోజోమ్‌కి అడ్డుపడుతుంది, వైరస్ వాడుకునేది మన రైబోజోమ్‌ని. దాన్ని ఆపే మందు ఇస్తే వైరస్‌తో పాటు మనమూ ఆగిపోతాం. అందుకే వైరస్ మందులు వెతికేవాళ్లు దాని రాతలో మాత్రమే ఉండే వాటిమీద గురిపెడతారు. అసైక్లోవిర్ ఇందుకు మంచి ఉదాహరణ. హెర్పిస్ వైరస్ సొంత ఎంజైమ్ ఒకటి దాన్ని ముట్టుకుని మార్చితే గానీ ఆ మందు పని మొదలుపెట్టదు, కాబట్టి వైరస్ లేని కణాల్లో అది దాదాపు ఊరికే ఉంటుంది.